పరీక్షలో అదనపు సమయం: ఎలా అడగాలి, ఏ కాగితాలు చూపాలి

అమెజాన్ వెబ్ సర్వీసెస్ నిర్వహించే సొల్యూషన్స్ ఆర్కిటెక్ట్ అసోసియేట్ పరీక్షలో 65 ప్రశ్నలు ఉంటాయి. సమయం 130 నిమిషాలు. లెక్కేస్తే ప్రశ్నకు సరిగ్గా రెండు నిమిషాలు. ఇవి ఒక్క వాక్యంలో తేలిపోయే ప్రశ్నలు కావు. ఒక కంపెనీ కంప్యూటర్ వ్యవస్థ ఎలా ఉందో నాలుగైదు వాక్యాల్లో చెప్పి, దానికి ఏం కావాలో వివరించి, పైకి ఒకేలా కనిపించే నాలుగు సమాధానాలు ముందు పెట్టి, వీటిలో తక్కువ ఖర్చుతో పని జరిగేది ఏదని అడుగుతాయి. ప్రశ్న చదవడానికే ఎక్కువ సమయం పట్టేవారికి ఆలోచించే వ్యవధి మిగలదు. సబ్జెక్టు బాగా తెలిసి కూడా చివరి పది పదిహేను ప్రశ్నలు చూడకుండానే బయటికి వచ్చేవారు ఉంటారు.

ఇలాంటివారి కోసం పరీక్ష సంస్థలు కొన్ని వెసులుబాట్లు ఉంచాయి. అందులో ఎక్కువమంది కోరేది అదనపు సమయం. విడి గది, ప్రశ్న చదివి వినిపించే మనిషి, జవాబు నమోదు చేసే సహాయకుడు, అక్షరాలు పెద్దవి చేసి చూపే సాఫ్ట్‌వేర్, గడియారం ఆపి ఇచ్చే విరామం వంటివి కూడా దొరుకుతాయి. ఇవేవీ వాటంతట అవి రావు. అభ్యర్థే అడగాలి, ముందుగా అడగాలి, అవసరం ఏమిటో కాగితం మీద చూపాలి. హైదరాబాదు, బెంగళూరులలో ఏటా ఈ పరీక్షలు రాసే తెలుగువారిలో చాలామందికి అడగవచ్చన్న సంగతే తెలియదు. తెలిసి అడిగేవారిలో కొందరు కాగితం సరిగా లేక తిరస్కరణకు గురవుతారు.

కాగితం అక్కర్లేని అరగంట

అన్నిటికన్నా తేలికగా దొరికేది భాష పేరుతో ఇచ్చే అదనపు సమయం. ఇంగ్లిషు మాతృభాష కానివారు అమెజాన్ పరీక్షను ఇంగ్లిషులో రాస్తుంటే 30 నిమిషాలు ఎక్కువ అడగవచ్చు. ఈ పరీక్షలు జపనీస్, కొరియన్ వంటి కొన్ని భాషల్లో ఉన్నాయి గానీ తెలుగులో లేవు. కాబట్టి తెలుగు మాతృభాషగా గల ఎవరైనా దీనికి అర్హులే. ఇంగ్లిషు మీడియంలో చదివినవారికి ఇది అడగడానికి మొహమాటంగా అనిపించవచ్చు. కానీ నియమం అడిగేది మాతృభాష గురించి. ఏ మీడియంలో చదివారన్నది అందులో లేదు.

దీనికి డాక్టరు ఉత్తరం అక్కర్లేదు, సర్టిఫికెట్టు అక్కర్లేదు. అమెజాన్ సర్టిఫికేషన్ ఖాతాలోకి వెళ్లి, `Request Exam Accommodations` అన్న చోట నొక్కి, వచ్చే జాబితాలో `ESL +30` అన్నది ఎంచుకుంటే చాలు. ఒకసారి అనుమతి వస్తే తర్వాత బుక్ చేసుకునే పరీక్షలన్నిటికీ అదే వర్తిస్తుంది, మళ్లీ మళ్లీ అడగక్కర్లేదు. 130 నిమిషాల పరీక్ష 160 నిమిషాలవుతుంది. 90 నిమిషాల క్లౌడ్ ప్రాక్టీషనర్ పరీక్షకు రెండు గంటలు దొరుకుతాయి.

ఇంత సులువైన పనిలోనూ ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. ముందు పరీక్ష తేదీ బుక్ చేసుకుని, తర్వాత ఎవరో చెబితే ఈ అరగంట సంగతి తెలిసి, అప్పుడు అడుగుతారు. అనుమతి వస్తుంది గానీ అప్పటికే బుక్ అయిన పరీక్షకు అది అంటదు, ఆ తర్వాత బుక్ చేసేవాటికే పనిచేస్తుంది. అలాంటప్పుడు ఆ బుకింగ్ రద్దు చేసుకుని మళ్లీ చేసుకోవాలి. పరీక్షకు 24 గంటల ముందు వరకే అందుకు వీలుంటుంది. ఆ గడువు దాటితే 130 నిమిషాలతో సరిపెట్టుకోవలసిందే. కాబట్టి క్రమం ఎప్పుడూ ఒకటే: ముందు అనుమతి, తర్వాత బుకింగ్. ఈ క్రమం భాషా వెసులుబాటుకే కాదు, ఇక ముందు చెప్పే వాటన్నిటికీ వర్తిస్తుంది.

కాగితం కావలసిన వెసులుబాటు

చూపు లోపం, వినికిడి లోపం, చేతుల కదలికలో ఇబ్బంది, డిస్లెక్సియా, ఏడీహెచ్‌డీ, తీవ్రమైన ఆందోళన సమస్య, మధుమేహం, మూర్ఛ వంటి కారణాలతో అడిగేటప్పుడు దారి వేరు. అమెజాన్ పరీక్షలను కేంద్రాల్లో నడిపించేది పియర్సన్ వీయూఈ అనే సంస్థ. ఇలాంటి వినతులను పరిశీలించడానికి ఆ సంస్థకు ప్రత్యేక సిబ్బంది ఉన్నారు. మైక్రోసాఫ్ట్ సహా ఇంకా ఎన్నో సంస్థల పరీక్షలు కూడా ఇదే సంస్థ కేంద్రాల్లో జరుగుతాయి గనుక, ఒకచోట తయారు చేసుకున్న కాగితం ఇంకోచోటా ఉపయోగపడుతుంది. అయితే అనుమతి మాత్రం ఏ పరీక్షకు ఆ పరీక్షకే విడిగా తీసుకోవాలి. ఒక సంస్థ ఇచ్చింది కదా అని ఇంకొకటి ఇచ్చి తీరాలని లేదు.

ముందుగా తెలుసుకోవలసింది, అన్నిటికీ అనుమతి అక్కర్లేదన్నది. కళ్లద్దాలు, వినికిడి యంత్రం, చేతికర్ర, మెడపట్టీ వంటివాటిని పరీక్ష కేంద్రంలో చూసి లోపలికి పంపిస్తారు. ముందే అడగకుండా తెచ్చుకోదగిన ఇలాంటి వస్తువుల జాబితాను పియర్సన్ వీయూఈ తన సైటులో ఉంచింది. అందులో లేనివాటికి, పరీక్ష తీరునే మార్చేవాటికి అనుమతి కావాలి. ఉదాహరణకు, రక్తంలో చక్కెర ఎంతుందో ఫోనులో చూపించే పరికరం వాడే మధుమేహ రోగి ఫోను లోపలికి తీసుకుపోవాలంటే ముందే అడిగి ఉండాలి. పరీక్ష గదిలోకి ఫోను రానివ్వరు కాబట్టి, ఆ రోజు పొద్దున గుమ్మం దగ్గర ఎంత చెప్పుకున్నా పని జరగదు.

ఇక కాగితం సంగతి. మన దగ్గర ఎక్కువమంది చేసే పని, సదరం సర్టిఫికెట్టు గానీ యూడీఐడీ కార్డు గానీ స్కాన్ చేసి పంపడం. పింఛనుకు, బస్సు పాసుకు, ఉద్యోగ రిజర్వేషనుకు పనికొచ్చిన కాగితం ఇక్కడా పనికొస్తుందనుకోవడం సహజమే. కానీ ఆ కాగితం జవాబిచ్చే ప్రశ్న వేరు, పరీక్ష సంస్థ అడిగే ప్రశ్న వేరు. ఈ మనిషికి ఏ రకం వైకల్యం ఉంది, ఎంత శాతం అన్నది సదరం చెబుతుంది. పరీక్ష సంస్థకు తెలియాల్సింది మాత్రం ఈ మనిషి కంప్యూటరు తెర ముందు కూర్చుని, రెండు గంటల పైచిలుకు ఇంగ్లిషు ప్రశ్నలు చదివి జవాబులు గుర్తించేటప్పుడు ఏ పని దగ్గర వెనకబడతాడు, ఎంత వెనకబడతాడు, దానికి ఏం చేస్తే సరిపోతుంది అన్నది. ఒక కాలు లేని వ్యక్తికి సదరంలో 70 శాతం ఉండవచ్చు. మౌసుతో జవాబు గుర్తించడానికి ఆయనకు ఒక్క నిమిషమైనా ఎక్కువ అవసరం లేకపోవచ్చు. డిస్లెక్సియా ఉన్న మరొకరికి శాతం చాలా తక్కువే రావచ్చు, అసలు సర్టిఫికెట్టే లేకపోవచ్చు. అయినా పరీక్షలో సమయం చాలనిది ఆయనకే.

అందుకే సదరం, యూడీఐడీ జత చేస్తే తప్పు లేదు గానీ వాటితోనే పని అవుతుందనుకోకూడదు. అసలు కావలసింది ఒక నిపుణుడి ఉత్తరం. ఆ ఉత్తరం మూడు సంగతులను ఒక గొలుసుగా కలపాలి. ఫలానా సమస్య ఉంది, దానివల్ల పరీక్షలో ఫలానా పని కష్టమవుతుంది, కాబట్టి ఫలానా వెసులుబాటు ఇవ్వాలి. ఈ మూడింటిలో మధ్యదే ఎక్కువ ఉత్తరాల్లో కనిపించదు. డాక్టర్లకు జబ్బు పేరు రాయడం అలవాటు, సలహా రాయడం అలవాటు. రెంటినీ కలిపే మాట రాయాలని ఎవరూ వాళ్లను అడగరు.

ఆ ఉత్తరం ఆసుపత్రి లేదా క్లినిక్ లెటర్‌హెడ్ మీద ఉండాలి. తేదీ, సంతకం, రాసినవారి అర్హతలు, రిజిస్ట్రేషన్ నంబరు కనిపించాలి. రాసినవారు ఆ సమస్యను అంచనా వేయడానికి అర్హత ఉన్నవారై ఉండాలి. చూపు సమస్యకు కంటి వైద్యులు, చేతి నరాల సమస్యకు న్యూరాలజిస్టు లేదా ఆర్థోపెడిక్ వైద్యులు, ఏడీహెచ్‌డీకి సైకియాట్రిస్టు లేదా క్లినికల్ సైకాలజిస్టు. డిస్లెక్సియా విషయంలో ఫ్యామిలీ డాక్టరు ఉత్తరం పనిచేయదు. చదివే వేగాన్ని, అర్థం చేసుకునే తీరును, జ్ఞాపకశక్తిని ప్రామాణిక పరీక్షలతో కొలిచిన పూర్తి నివేదిక కావాలి. అందులో మార్కులు కూడా ఉండాలి. మన దేశంలో క్లినికల్ సైకాలజిస్టులు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదై ఉంటారు. ఆ నమోదు సంఖ్య నివేదిక మీద ఉంటే చదివేవారికి నమ్మకం. బంధువైన డాక్టరు రాసిన ఉత్తరం ఎంత నిజమైనా చెల్లదు.

కాగితం ఎంత పాతదన్నదీ చూస్తారు. పుట్టుకతో వచ్చిన, మారని సమస్యకు పాత నివేదిక ఉన్నా పెద్దగా అడ్డు చెప్పరు. మారుతూ ఉండే సమస్యకు, అంటే ఆందోళన, వెన్ను నొప్పి, చికిత్సలో ఉన్న జబ్బు వంటివాటికి ఈమధ్య పరీక్షించి రాసినదే కావాలి. పదో తరగతిలో తీసిన డిస్లెక్సియా నివేదిక ఒక్కటే పెట్టి ముప్పై ఏళ్ల వయసులో పరీక్ష రాస్తానంటే, ఇప్పుడు పరిస్థితి ఏమిటని అడుగుతారు. అలాగని ఆ పాత నివేదికను పారేయకూడదు. చిన్నప్పటి నుంచీ సమస్య ఉందనడానికి అదే గట్టి సాక్ష్యం. కొత్త ఉత్తరానికి దాన్ని జోడిస్తే బలం వస్తుంది.

ఇంతకు ముందు ఎక్కడైనా ఇలాంటి వెసులుబాటు పొంది ఉంటే ఆ రుజువు కూడా పంపాలి. ఇంటర్‌లోనో డిగ్రీలోనో సహాయకుడితో పరీక్ష రాసి ఉంటే బోర్డు గానీ కాలేజీ గానీ ఇచ్చిన అనుమతి కాగితం, ఆఫీసులో పెద్ద మానిటరు, స్క్రీన్ రీడరు ఇచ్చి ఉంటే హెచ్‌ఆర్ ఇచ్చిన ఉత్తరం. అమెరికాలో దీనికి చట్టబలం ఉంది. వైకల్యం గలవారి హక్కుల కోసం 1990లో వచ్చిన చట్టం లైసెన్సు పరీక్షలకు, సర్టిఫికేషన్ పరీక్షలకు కూడా వర్తిస్తుంది. దాని కింద 2011 మార్చిలో అమల్లోకి వచ్చిన సవరించిన నిబంధనల ప్రకారం, సంస్థలు అడిగే కాగితాలు అవసరానికి మించకూడదు, గతంలో ఇలాంటి పరిస్థితుల్లో ఇచ్చిన వెసులుబాట్లకు గణనీయమైన విలువ ఇవ్వాలి. అక్కడ నర్సింగ్, అకౌంటింగ్, వైద్య లైసెన్సు పరీక్షలు రాసే తెలుగువారికి ఈ సంగతి నేరుగా పనికొస్తుంది. వినతి ఉత్తరంలో ఆ నిబంధనను ప్రస్తావించినా తప్పు లేదు.

మన దేశంలో ప్రభుత్వ పరీక్షల తీరు వేరు. కేంద్ర ప్రభుత్వ దివ్యాంగుల సాధికారత శాఖ 2018 ఆగస్టు 29న ఇచ్చిన మార్గదర్శకాలు, సహాయకుడి అవసరమున్న వారికి గంటకు 20 నిమిషాలకు తగ్గకుండా సమయం కలపాలన్నాయి. రెండున్నర గంటల ఉపాధ్యాయ అర్హత పరీక్షకు ఆ లెక్కన 50 నిమిషాలు వస్తాయి. అక్కడ కాగితానికి ఒక నిర్ణీత నమూనా ఉంటుంది, ప్రభుత్వాసుపత్రి అధికారి సంతకం ఉంటుంది. నమూనా నింపితే లెక్క తేలిపోతుంది. ఆ మార్గదర్శకాలు 40 శాతం వైకల్యాన్ని గీతగా పెట్టుకున్నాయి. రాయడంలో చేయి బిగుసుకుపోయే సమస్య ఉన్న ఒక సివిల్స్ అభ్యర్థి వేసిన కేసులో 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ గీతను తప్పుపట్టింది. 40 శాతం లేకపోయినా నిజంగా ఇబ్బంది ఉన్నవారికి సహాయకుణ్ని నిరాకరించకూడదంది. మరుసటి ఏడాది అలాంటివారికి విడిగా మార్గదర్శకాలు వచ్చాయి. శాతం ఒక్కటే కొలబద్ద కాదన్న సంగతిని మన చట్టం కోర్టు మెట్లెక్కి ఒప్పుకోవలసి వచ్చింది. ప్రైవేటు సర్టిఫికేషన్ పరీక్షల్లో మొదటి నుంచీ శాతం లేదు, స్థిరమైన లెక్కా లేదు. ఎవరి కాగితం చెప్పిన దాన్ని బట్టి వారికే. అది అభ్యర్థికి మేలూ చేయవచ్చు, కీడూ చేయవచ్చు.

ఒక ఉత్తరం, రెండు రకాలుగా

కాగితంలో తేడా ఎక్కడ ఉంటుందో ఒక ఊహా ఉదాహరణతో చూడవచ్చు. హైదరాబాదులో పనిచేసే ఒక టెస్టింగ్ ఇంజనీరు. వయసు 27. స్టార్‌గార్ట్ అనే కంటి వ్యాధి వల్ల ఆమెకు చూపులో మధ్యభాగం మసకబారింది. పక్కచూపు బాగానే ఉంది కాబట్టి నడుస్తుంది, బస్సెక్కుతుంది, ఆఫీసులో పని చేస్తుంది. చదవడమే కష్టం. అక్షరాలు పెద్దవి చేసుకోవాలి. పెద్దవి చేస్తే తెర మీద ఒకసారికి నాలుగైదు పదాలే పడతాయి, వాక్యం పూర్తి కావాలంటే తెరను పక్కకు జరుపుకుంటూ పోవాలి.

మొదట ఆమె తీసుకున్న ఉత్తరం ఇలా ఉందనుకుందాం: "ఈమెకు రెండు కళ్లలోనూ స్టార్‌గార్ట్ వ్యాధి ఉంది. చూపు 6/36. మా దగ్గర చికిత్సలో ఉన్నారు. ఈమె కోరిక మేరకు పరీక్షలో అదనపు సమయం ఇవ్వవలసిందిగా సిఫారసు చేస్తున్నాను." ఇందులో అబద్ధం ఏమీ లేదు. అయినా ఇది తిరిగి రావడానికే ఎక్కువ అవకాశం ఉంది. ఎంత అదనపు సమయమో లేదు, ఎందుకో లేదు. "ఈమె కోరిక మేరకు" అన్న మాట అన్నిటికన్నా చేటు. మన డాక్టర్లు మర్యాద కోసం రాసే మాట అది. కాగితం చదివే పరిశీలకుడికి మాత్రం ఈ సిఫారసు వైద్యుడి అభిప్రాయం కాదనీ, రోగి అడిగితే రాసి ఇచ్చిందనీ అనిపిస్తుంది.

అదే డాక్టరు, ఒక అరగంట కూర్చుని చదివించి, కొలిచి రాస్తే ఉత్తరం ఇలా మారుతుంది: "ఈ వ్యాధి వల్ల ఈమెకు మధ్యచూపు లేదు. మందులతో గానీ అద్దాలతో గానీ ఇది సరికాదు. కంప్యూటరు తెర మీద అక్షరాలను పెద్దవి చేసి చదివినప్పుడు ఈమె వేగం నిమిషానికి 80 పదాలు. అర్థం చేసుకోవడంలో లోపం లేదు. పెద్ద అక్షరాల్లో పొడవైన ప్రశ్నలు చదివే పరీక్షలో సమయం చాలకపోవడానికి ఇదే కారణం. కాబట్టి తెర అక్షరాలను పెంచే సాఫ్ట్‌వేర్, పెద్ద మానిటరు, నిర్ణీత సమయానికి 50 శాతం అదనం అవసరమని నా అభిప్రాయం."

ఈ 50 శాతం ఎక్కడి నుంచి వచ్చిందో లెక్క చూపవచ్చు. ప్రశ్న, జవాబులు కలిపి సుమారు 120 పదాలనుకుందాం. నిమిషానికి 180 పదాలు చదివేవారికి దాన్ని ఒకసారి చదవడానికి 40 సెకన్లు పడుతుంది. 80 పదాలు చదివేవారికి 90 సెకన్లు. ఒక్కో ప్రశ్న దగ్గర 50 సెకన్ల తేడా. 65 ప్రశ్నలకు 3,250 సెకన్లు, అంటే 54 నిమిషాలు. 130లో సగం 65 నిమిషాలు. జవాబులను రెండోసారి సరిచూసుకునే సమయాన్నీ కలుపుకుంటే 50 శాతం న్యాయమైన కోరికే, రెట్టింపు అడిగితే మాత్రం ఎందుకని ప్రశ్నిస్తారు. ఆమెకు పరీక్ష 195 నిమిషాలవుతుంది. ఉత్తరంలో ఈ లెక్కంతా రాయనక్కర్లేదు. చదివే వేగం అంకె ఒక్కటి ఉంటే చాలు, పరిశీలించేవారు మిగతాది అర్థం చేసుకుంటారు. ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి వంటి చోట్ల చూపు తక్కువైనవారి కోసం ప్రత్యేక విభాగాలున్నాయి. అలాంటి విభాగాలు చదివే వేగాన్ని కొలిచి రాయగలవు. మామూలు కంటి పరీక్షలో గోడ మీది అక్షరాలు చదివిస్తారు తప్ప వేగం కొలవరు, అది విడిగా అడగాలి.

ఇదే పద్ధతి మిగతా సమస్యలకూ సరిపోతుంది. కీళ్లవాతంతో వేళ్లు నొప్పి పెట్టేవారికి ఎంతసేపు మౌసు పట్టుకుంటే నొప్పి మొదలవుతుందో, ఎంత విశ్రాంతి కావాలో రాయించాలి. వారికి అదనపు సమయం కన్నా గడియారం ఆపి ఇచ్చే విరామమే పనికిరావచ్చు. మామూలుగా పరీక్ష మధ్యలో బయటికి వెళ్తే గడియారం నడుస్తూనే ఉంటుంది. అరగంటకోసారి చేతికి విశ్రాంతి ఇవ్వవలసినవారికి సమయం పెంచినా ఆ పెంచిందంతా విశ్రాంతికే పోతుంది. అవసరం ఏమిటో సరిగ్గా గుర్తిస్తే, అడిగేది చిన్నదవుతుంది, ఇవ్వడమూ తేలికవుతుంది. దొరికేవన్నీ జాబితాగా అడిగిన వినతిలో ఏది నిజంగా కావాలో తెలియక మొత్తం మీదే అనుమానం వస్తుంది.

ఏం దొరకదో కూడా చెప్పుకోవాలి. ఉత్తీర్ణత మార్కు మారదు. ఈ పరీక్షలో 1,000కి 720 రావాలి, వెసులుబాటు పొందినవారికీ అంతే. పరీక్ష కొలవదలచిన నైపుణ్యాన్నే తప్పించే సాయం, అంటే నోట్సు చూసుకోవడం, ప్రశ్నను విడమరిచి చెప్పించుకోవడం వంటివి ఎంత కాగితం ఉన్నా రావు. చదివి వినిపించే సహాయకుడు ఉన్నది ఉన్నట్టు చదవాలి, ఒక్క పదమూ వివరించకూడదు.

పంపడం, బుక్ చేయడం, ఆ రోజు

కాగితాలు పంపే ముందు పేర్లు సరిచూసుకోవాలి. తెలుగువారికి ఇది ప్రత్యేకమైన తలనొప్పి. పదో తరగతి సర్టిఫికెట్టులో ఇంటిపేరు ఒక అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది, ఆసుపత్రి చీటీలో ఒక్కోసారి భర్త పేరో తండ్రి పేరో చేరుతుంది. పరీక్ష ఖాతాలో పేరు గుర్తింపు కార్డులో ఉన్నట్టే ఉండాలి, డాక్టరు ఉత్తరంలోనూ అదే పేరు రాయించాలి. ఉత్తరం ఇంగ్లిషులో ఉండాలి. తెలుగులో ఉన్న ప్రభుత్వ కాగితం ఏదైనా జత చేస్తే దానికి అనువాదం పెట్టాలి. ఫోనుతో తీసిన ఫొటోలో సీలు మసకగా ఉంటే, సంతకం అంచున తెగిపోతే, మళ్లీ పంపమంటారు. అదీ ఆలస్యమే.

పరిశీలనకు వారాలు పట్టవచ్చు. అదనపు కాగితం అడిగితే ఇంకొంత పడుతుంది. అనుమతి వచ్చాక కూడా, చదివే మనిషిని ఏర్పాటు చేయాలన్నా, విడి గది చూడాలన్నా ఆ కేంద్రానికి వ్యవధి కావాలి. చాలా కంపెనీలు ఉద్యోగులకు పరీక్ష ఫీజు కట్టే బదులు వోచరు ఇస్తాయి. ఆ వోచరుకు గడువుంటుంది. వోచరు చేతికొచ్చాక చదవడం మొదలుపెట్టి, చదవడం పూర్తయ్యాక వెసులుబాటు అడిగితే, అనుమతి వచ్చేసరికి వోచరు చెల్లకుండా పోతుంది. చదవడం మొదలుపెట్టిన వారంలోనే వినతి పంపేస్తే ఈ బాధ ఉండదు.

బుకింగ్ విషయంలోనూ తేడా ఉంటుంది. భాష పేరుతో వచ్చే అరగంటైతే మామూలుగా ఆన్‌లైన్లో బుక్ చేసుకోవచ్చు. మిగతా వెసులుబాట్లలో కొన్నిటికి పియర్సన్ వీయూఈ సిబ్బందితో ఫోనులో మాట్లాడి తేదీ పెట్టించుకోవాలి. పద్ధతి ఏదన్నది అనుమతి ఉత్తరంలోనే రాసి ఉంటుంది. దాన్ని పూర్తిగా చదవకుండా అలవాటు కొద్దీ ఆన్‌లైన్లో బుక్ చేసుకున్నవారికి ఏ వెసులుబాటూ లేని సీటు దొరుకుతుంది. ఇంటి నుంచి రాసే పరీక్షలో పక్కన ఇంకో మనిషి ఉండటానికి వీల్లేదు గనుక, చదివేవారు గానీ రాసేవారు గానీ కావాలంటే కేంద్రానికే వెళ్లాలి.

బుక్ అయ్యాక వచ్చే ఈమెయిల్లో పరీక్ష వ్యవధి ఎంతని ఉందో చూడాలి. 160గానీ 195గానీ ఉండవలసిన చోట 130 అని కనిపిస్తే ఏదో తప్పు జరిగినట్టే. వెంటనే కబురు చేయాలి, పరీక్ష రోజు చెబుదామని ఊరుకోకూడదు. కేంద్రానికి అనుమతి ఉత్తరం ప్రింటు తీసుకుపోవాలి. అక్కడ కూర్చున్నాక, ప్రశ్నలు మొదలయ్యే ముందు తెర మీద మొత్తం సమయం కనిపిస్తుంది. అక్షరాలు పెంచే సాఫ్ట్‌వేర్ అడిగి ఉంటే అది పనిచేస్తోందో లేదో అప్పుడే చూడాలి. ఏదైనా తేడాగా ఉంటే మొదటి ప్రశ్న తెరవకుండా చేయెత్తి పర్యవేక్షకుణ్ని పిలవాలి. పరీక్ష మొదలయ్యాక మధ్యలో సమయం కలపడం కేంద్రంలోని ఉద్యోగి చేతిలో ఉండదు. అలాగే పూర్తి చేసి తర్వాత ఫిర్యాదు చేస్తే, మహా అయితే మళ్లీ రాసే అవకాశం దొరకవచ్చు, వచ్చిన మార్కు మారదు.

వినతిని తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా అడగవచ్చు. తిరస్కరణల్లో ఎక్కువ భాగం సమస్య లేదని కాదు, కాగితంలో చూపలేదని. ఉత్తరంలో లేని అంకె, పాతబడిన తేదీ, ఆ సమస్యకు సంబంధించని డాక్టరు, ఎంత సమయం కావాలో చెప్పని సిఫారసు. కారణం తెలిస్తే అదే డాక్టరు దగ్గరికి ఆ ఒక్క లోటు పూడ్చే అదనపు ఉత్తరం కోసం వెళ్లవచ్చు. మొదటి ఉత్తరాన్నే మళ్లీ పంపితే మొదటి జవాబే మళ్లీ వస్తుంది. పూర్తిగా కాకుండా కొంత ఇచ్చిన సందర్భాలూ ఉంటాయి, ఉదాహరణకు 50 శాతం అడిగితే 25 శాతం. అప్పుడు ఆ 25 శాతంతో బుక్ చేసుకోవాలా, మిగతా దాని కోసం మళ్లీ వినతి పంపాలా అన్నది వోచరు గడువును, చదువు ఎంతవరకు వచ్చిందన్నదాన్ని బట్టి తేల్చుకోవలసిన సంగతి.

అనుమతి వచ్చినవారు దానికి గడువు ఉందేమో చూసుకోవాలి. అసోసియేట్ అయ్యాక ప్రొఫెషనల్ స్థాయి పరీక్షకు వెళ్లేవారు ఎక్కువ. దానికి 75 ప్రశ్నలు, 180 నిమిషాలు, ప్రశ్నలు ఇంకా పొడవు. ఈ సర్టిఫికెట్లు మూడేళ్లకోసారి నిలబెట్టుకోవలసినవి గనుక కాగితాలు మళ్లీ కావలసి వస్తాయి. డాక్టరు ఉత్తరం అసలు ప్రతి, నివేదికలు, అనుమతి ఈమెయిల్ ఒకచోట దాచుకుంటే, తర్వాతి వినతికి ఆ అనుమతే గతంలో పొందిన వెసులుబాటుకు రుజువుగా పెట్టవచ్చు.